ఆసిడ్ ఒలికితే: దేవమణి మేడం వేసిన ప్లాను

నందిగామలోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో దేవమణి మేడం కెమిస్ట్రీ ల్యాబులోకి చెప్పులతో అడుగుపెట్టిన మనిషి లేడు. పిల్లలు వరండాలో చెప్పులు వరసగా విప్పి లోపలికి వెళ్లాలి. ప్రిన్సిపాలుగారు కూడా ఏదైనా పని మీద వస్తే గుమ్మం దగ్గర ఒక కాలు మీద నిలబడి బూటు లేసు విప్పుకునేవాడు. ఒకసారి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు మొహమాటపడుతూ మేజోళ్లు కూడా విప్పేశాడని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

అదంతా వత్సవాయిలో పడ్డ అలవాటు. దేవమణి వాళ్ల నాన్న ఆ ఊరి చర్చి బాగోగులు చూసేవాడు. శనివారం సాయంత్రమయ్యేసరికి ఆయన బిందెలతో నీళ్లు పోస్తుంటే ఈ పిల్ల చీపురు పట్టుకుని గచ్చు అద్దంలా మెరిసేదాకా కడిగేది. చదువుకుని, ఎమ్మెస్సీ చేసి, లెక్చరరై, జగ్గయ్యపేటలో కాపురం పెట్టినా ఆ చీపురు మాత్రం ఆవిడ బుర్రలోంచి పోలేదు. గచ్చు మీద ఏది ఒలికినా ఆవిడ నోట ఒకటే మాట వచ్చేది. "పున్నమ్మా, నీళ్లు కొట్టు."

పున్నమ్మ ఆ ల్యాబు అటెండరు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. సిరా ఒలికితే నీళ్లు కొట్టేది, ఉప్పు ద్రావణం ఒలికితే నీళ్లు కొట్టేది. అందుకే రెండో సంవత్సరం పిల్ల రేహానా చేతిలోంచి గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ సీసా జారి గచ్చు మీద భళ్లున పగిలినప్పుడు కూడా పున్నమ్మ మారు ఆలోచన లేకుండా బకెట్టెత్తి నీళ్లు కొట్టింది.

ఆ ఆసిడ్‌కి నీళ్లు తగిలితే ఒక్కసారిగా సలసల కాగుతుంది, చిందుతుంది. అక్కడా అదే జరిగింది. చిందినది చిందగా, మిగిలింది ఆ నీళ్లతో కలిసి బల్లల కిందుగా పారింది. బల్లల చుట్టూ ఉన్నవన్నీ చెప్పుల్లేని పాదాలు. పరిమళ అనే పిల్లకి చీలమండ దగ్గర చర్మం కాలింది, ఇద్దరు ముగ్గురి చున్నీలకి చిల్లులు పడ్డాయి. తూకాల గదిలోంచి పరిగెత్తుకొచ్చిన దేవమణి పరిమళని కుళాయి కింద కూర్చోబెట్టి పాదం మీద చాలాసేపు నీళ్లు పారించబట్టి సరిపోయింది. డాక్టరు చూసి, నీళ్లు అంతసేపు పోశారు కాబట్టి బతికిపోయిందన్నాడు. ఆ మాట దేవమణికి ఊరటనివ్వలేదు సరికదా, రాత్రిళ్లు కళ్లు మూస్తే ఆ పాదాలే కనిపించేవి.

మర్నాడు తల్లిదండ్రులు వచ్చారు, గొడవైంది. కాలేజీ సెక్రటరీ భవానీప్రసాద్ ల్యాబుకి తాళం వేయించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆడపిల్లలు ఇంటి దగ్గర్నుంచి ఎలా వచ్చారో అలా ఇంటికి వెళ్లాలి, ఆ తర్వాతే చదువు అనే మనిషి. ముందు పున్నమ్మని మానిపించేద్దామన్నాడు. దేవమణి అడ్డుపడింది. నీళ్లు కొట్టమని నేర్పింది తనేనని, చెప్పులు విప్పించింది కూడా తనేనని, తప్పు పున్నమ్మది కాదని ఆయన ఎదురుగా చెప్పేసింది. ఆయన పున్నమ్మ మాట వదిలేశాడు. తర్వాత నెమ్మదిగా, ఇక ప్రాక్టికల్స్ వీడియోలో చూపించేస్తే పోలేదా అన్నాడు. ఎలాగూ వచ్చే జూన్‌లో మేడం రిటైరవుతోంది, ఆ తర్వాత ఈ సీసాలన్నీ ఎవరు కాస్తారని ఆయన సందేహం.

ఆ మాట దేవమణి గుండెల్లో గుచ్చుకుంది. బ్యూరెట్టులోంచి ఒక్కో చుక్కా వదులుతూ, ఫ్లాస్కులో గులాబీ రంగు నిలిచిన క్షణాన తన చేత్తో తను పట్టుకున్నానని ఒక పిల్ల మొహం వెలిగిపోతుందే, దాన్ని వీడియోలో ఎలా చూపిస్తారు? తను వెళ్లిపోయాక ఆ గది స్టోరుగది అయిపోతుంది. బల్లల మీద విరిగిన కుర్చీలు పేరుస్తారు. అది ఆవిడ తట్టుకోలేకపోయింది.

చివరికి భవానీప్రసాదే ఒక దారి చూపించాడు. "మళ్లీ ఒలికితే ఏం చేస్తారో కాయితం మీద కాదు మేడం, నా కళ్లముందు చేసి చూపించండి. నాకు నమ్మకం కుదిరితే తాళం తీయిస్తా. కుదరలేదా, ఇక ఆ గది సంగతి మర్చిపోండి."

దేవమణి ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్సులో కిటికీ పక్క కూర్చుని, చిల్లకల్లు దాకా ఒక్క విషయమే ఆలోచించింది. ఒలికే వస్తువుని బట్టి చేసే పని మారాలి. ఇన్నాళ్లూ తను అన్నిటికీ ఒకే మందు వేసింది.

పాదరసం సంగతి తీసుకుంటే, థర్మామీటరు పగిలితే చీపురు ముట్టుకోకూడదు. ఊడిస్తే ఆ పూసలు ఇంకా చిన్న పూసలై పగుళ్లలోకి దూరతాయి, కంటికి కనపడని ఆవిరి గదిలో నిలిచిపోతుంది. ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని పంపేసి, టార్చిలైటు నేలబారుగా వేసి చూస్తే ఎక్కడెక్కడ దాక్కుందో మెరుస్తూ కనపడుతుంది. గ్లవుజులు వేసుకుని, అట్టముక్కలతో దగ్గరికి చేర్చి, డ్రాపరుతో పీల్చి, మూత బిగిసే డబ్బాలో పెట్టాలి. పగుళ్ల మీద గంధకం పొడి చల్లాలి. ముందుగా చేతి ఉంగరం తీసెయ్యాలి, ఎందుకంటే పాదరసం బంగారాన్ని పట్టుకుంటే వదలదు. పెళ్లి ఉంగరం ఏ రోజూ తియ్యని దేవమణి ఆ సంగతి రాసుకుంటున్నప్పుడు కాస్త తటపటాయించింది గానీ, రాయక తప్పలేదు.

అసిటోను, ఈథరు లాంటివైతే ఇంకో తీరు. వాటికి భయం నిప్పుతోనే. ముందు బర్నర్లు ఆర్పి, కిటికీలు తెరిచి అందరూ బయటికి రావాలి. ఘాటు పోవడానికి ఫ్యాను వెయ్యడం మన వాళ్లందరికీ అలవాటు. ఆ స్విచ్చిలో పుట్టే చిన్న రవ్వ చాలు గదంతా అంటుకోవడానికి. కాబట్టి లోపల ఏ స్విచ్చీ వెయ్యకూడదు, ఆపకూడదు. కరెంటు తీయాల్సి వస్తే వరండా చివరున్న మెయిను దగ్గర తీయాలి. పెద్ద సీసా మొత్తం పోతే వీరత్వం చూపించకుండా తలుపు మూసి ఫైర్ స్టేషనుకి ఫోను చెయ్యాలి.

ఇక ఆసిడ్. ఒంటి మీద పడితే నీళ్లే నీళ్లు. నేల మీద పడితే ముందుగా నీళ్లు వద్దు. పొడి ఇసకతో చుట్టూ గట్టు కట్టి, ఆసిడ్‌ని చంపే పొడి ఏదైనా అంచుల నుంచి మధ్యకి మెల్లిగా చల్లి, పొంగు ఆగాక ప్లాస్టిక్ చేటతో ఎత్తాలి. చివరికి, అన్నిటికన్నా చివరికి, నీళ్లు. ఈ తేడా తలకెక్కించడమే కష్టమని ఆవిడకి తెలుసు. తన తలకే ఇన్నేళ్లూ ఎక్కలేదు.

ఆ చంపే పొడి ఏమిటన్న దగ్గర స్తెఫను రంగంలోకి దిగాడు. స్తెఫను దేవమణి భర్త. జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి క్రషరులో మిషను నడిపి నడిపి ఈ మధ్యే మానేశాడు. పెళ్లాం చదువు తన చదువు కన్నా బాగా పెద్దదని ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు గానీ, ఆవిడ కెమిస్ట్రీలో తను వేలు పెట్టే సందు ఇన్నేళ్లలో ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు దొరికింది. సున్నపురాయి మీద ఆసిడ్ వేస్తే పొంగుతుందని క్వారీలో పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. వేరే పొడి కొనుక్కోవడం ఎందుకు, మన ఊరి రాయి పెట్టుకుని?

తెల్లారేసరికి తెలిసినవాళ్ల క్రషరు నుంచి మెత్తటి రాతిపొడి బస్తాతో ఆటో దిగాడు. దాన్ని తనే జల్లెడ పట్టాడు. బస్సులో కండక్టరుతో వాదించి నందిగామ దాకా మోసుకొచ్చి ల్యాబు వరండాలో దింపి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆ మొహంలో ఉన్న సంతోషం చూసి దేవమణికి కూడా సంతోషమేసింది.

సాధన మాత్రం అసలు ఆసిడ్‌తో చేయించడం కుదరదు కదా. ఆసిడ్ జాతిదే అయినా హాని చెయ్యని వెనిగరులో ఎర్రరంగు కలిపి వరండా గచ్చు మీద ఒలకబోసి, పున్నమ్మ చేత రాతిపొడి చల్లించింది. చక్కగా నురగలు కక్కింది, చివరిదాకా పొంగింది, చల్లారింది. ఆసిడ్ మిగిలితే ఎర్రబడే నీలి లిట్మస్ కాయితం అద్ది చూస్తే నీలంగానే ఉంది. ఈ కబురు భవానీప్రసాద్ దాకా వెళ్లింది. మన రాయే మన పిల్లల్ని కాపాడుతుందని ఆయన కమిటీ మీటింగులో కూడా చెప్పాడట. స్తెఫను ఆ ఆదివారం చర్చి బయట ముగ్గురికి చెప్పాడు, చెప్పిన వాళ్లకే మళ్లీ చెప్పాడు.

ఒక్కటే వెలితి. రేహానా కాలేజీకి రావడం లేదు. వాళ్ల నాన్న నిసార్ గాంధీ సెంటరులో ఆటో నడుపుతాడు. దేవమణి అతని ఆటోనే ఎక్కి వాళ్లింటికి తీసుకెళ్లమంది. దారిలో అతను వెనక్కి తిరగకుండానే, అమ్మాయి సైన్సు మానేసి బీఏలో చేరతానంటోందని, అన్నం కూడా సరిగ్గా తినడం లేదని చెప్పాడు.

రేహానా తలెత్తలేదు. దేవమణి ఓదార్చడానికి ప్రయత్నించలేదు. తను ప్లాను వేస్తున్నానని, ఆ రోజు తను తూకాల గదిలో ఉన్నందువల్ల ఏం జరిగిందో తనకి తెలియదని, సీసా పగిలిన దగ్గరున్న మనిషి రేహానా ఒక్కతే కాబట్టి చూసింది చూసినట్టు చెప్పాలని అడిగింది. ఎవరు ఎటు పరిగెత్తారు, దేనికి తట్టుకున్నారు, కుళాయి దాకా ఎందుకు వెళ్లలేకపోయారు?

ఆ పిల్ల మెల్లిగా మొదలుపెట్టింది. బకెట్టు నీళ్లు పడే ముందు కాస్త వ్యవధి ఉందని, అప్పుడు ఎవరూ కదల్లేదని చెప్పింది. కుళాయికీ తమకీ మధ్యలో ఆసిడ్ ఉంది. వెనక తలుపుకి అడ్డంగా బీరువా ఉంది.

"ఎవరూ ఎందుకు కదల్లేదమ్మా? భయపడ్డారా?" అంది దేవమణి.

"భయం కాదు మేడం. మీరొచ్చి ఏం చెబుతారా అని చూస్తా నుంచున్నాం."

ఆ మాట కూడా దేవమణి రాసుకుంది. మర్నాడు ప్రిన్సిపాలుని అడిగి ల్యాబు తెరిపించి, వెనక తలుపు దగ్గర బీరువా తీయించింది. కాళ్లు పూర్తిగా మూసే బూట్లు లేని పిల్లని ల్యాబులో నిలబెట్టనని చెప్పింది. చెప్పులు విప్పమని ఇన్నేళ్లు చెప్పిన నోటితో ఆ మాట అంటుంటే పిల్లలు మూతి బిగించి నవ్వాపుకున్నారు. మూడో రోజు రేహానా వచ్చింది, ఎవరినీ చూడకుండా వెనక వరసలో నిలబడి సాధన చూసింది. నాలుగో రోజు ఎవరూ అడక్కుండానే ఇసక బకెట్టు పట్టుకుంది.

భవానీప్రసాద్ వచ్చే ముందురోజు దేవమణికి మనసొప్పలేదు. అంతా వెనిగరుతోనే చేశాం, అసలు దానితో ఒక్కసారైనా చూడకుండా పిల్లల్ని దాని ముందు ఎలా నిలబెడతాం అనుకుంది. ప్రిన్సిపాలు దగ్గర తాళం అడిగి తీసుకుని, కళ్లజోడు, గ్లవుజులు, ఏప్రాను వేసుకుని, పొగ బయటికి లాగే అద్దాల పెట్టెలో పింగాణీ గిన్నె పెట్టి కొద్దిగా గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసింది. రాతిపొడి చల్లింది.

పొంగింది. కానీ కాసేపే. వెనిగరుతో చివరిదాకా పొంగిన పొడి ఇక్కడ తొందరగా చప్పబడిపోయింది. ఇంకొంచెం చల్లింది. పైకి తెల్లగా, గట్టిగా, అంతా అయిపోయినట్టే ఉంది. గాజు కడ్డీతో ఆ పెచ్చుని విరిచి లోపల తడి లిట్మస్ అద్దింది. కాయితం ఎర్రగా మారిపోయింది. డ్రాపరుతో ఒక్క నీటి చుక్క విడిచింది. చుయ్‌మంది.

దేవమణి డ్రాపరు పక్కన పెట్టేసింది. ఎందుకలా అయిందో ఆవిడకి వెంటనే అర్థమైంది, ముందే అర్థం కానందుకు ఒళ్లు మండింది. సున్నపురాయీ ఈ ఆసిడూ కలిస్తే పుట్టేది జిప్సం. అది నీళ్లలో సరిగ్గా కరగదు. ప్రతి రాతి రేణువు చుట్టూ పొరలా పేరుకుని లోపలి రాయిని కప్పేస్తుంది, ఆసిడ్ అక్కడక్కడే మిగిలిపోతుంది. వెనిగరుతో ఆ పొర పుట్టదు కాబట్టి సాధనంతా బ్రహ్మాండంగా జరిగింది. నిజంగా ఒలికి ఉంటే, అయిపోయిందనుకుని పున్నమ్మ ఆ పెచ్చులు ఎత్తేది, తర్వాత నీళ్లు కొట్టేది. మళ్లీ అదే జరిగేది, ఈసారి మేడం రాసిచ్చిన ప్లాను ప్రకారం.

బజారు నుంచి తెప్పించిన వంటసోడా, పొడి ఇసకా కలిపి ఇంకో గిన్నెలో వేసి చూసింది. కొంచెం కొంచెంగా, అంచుల నుంచి. ఇది చివరిదాకా పొంగింది. విరిచి అద్దినా, కలిపి అద్దినా నీలి కాయితం నీలంగానే ఉండిపోయింది. ఊరికే అలా ఉందా అని కొత్త గిన్నెతో మళ్లీ మొదటి నుంచి చేసింది. ఆ తర్వాత పిల్లల్నీ పున్నమ్మనీ పిలిచి, అద్దం అవతల నిలబెట్టి, రెండు గిన్నెలూ చూపించింది. ప్లాను మారింది, ఇక రాతిపొడి ముట్టుకోవద్దంది. సాయంత్రం దాకా సోడాతో సాధన చేయించింది.

ఇంటికెళ్లి స్తెఫనుకి చెప్పడమే ఆవిడకి అన్నిటికన్నా కష్టమైంది. ఆయన వింటూ వింటూ, "జిప్సమా? మా సిమెంటులో కలిపేదేగా," అన్నాడు. అవునంది. అయితే రేపు సెక్రటరీగారికి ఈ సంగతి చెప్పాలా అని అడిగాడు. సోడా వాడి చూపిస్తే సరిపోతుంది, రాతిపొడి సంగతి ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. దేవమణికీ ఆ ఆలోచన బస్సులో వచ్చింది, రాలేదని చెప్పడం అబద్ధం.

"చెప్పకపోతే బస్తా అక్కడే ఉంటుందండీ. నేను వెళ్లిపోయాక ఎవరో ఒకరు వాడతారు," అంది.

స్తెఫను తల వంచుకుని, పొద్దున్నే తనొచ్చి బస్తా తీసుకుపోతానన్నాడు. ఆయన మొహం చూడలేక దేవమణి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు భవానీప్రసాద్ ప్రిన్సిపాలుతో కలిసి వచ్చాడు. దేవమణి ముందుగా ఆ రెండు గిన్నెలూ ఆయన ముందు చేసి చూపించింది. రాతిపొడి గిన్నె తెల్లగా గట్టిపడగానే ఆయన, అయిపోయింది కదా అన్నాడు. ఆవిడ పెచ్చు విరిచి లిట్మస్ అద్దింది. ఎర్రబడ్డ కాయితం ఆయన చూసేలా పట్టుకుని, మొన్నటిదాకా తన ప్లాను ఇదేనని, అది తప్పని నిన్ననే తెలిసిందని, మీరు కమిటీలో చెప్పిన మాట నావల్ల తప్పైందని చెప్పింది. ప్రిన్సిపాలు కిటికీలోంచి బయటికి చూశాడు.

భవానీప్రసాద్ వెంటనే కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, అలాగైతే ఈ రెండో ప్లాను మాత్రం సరైనదని ఏమిటి నమ్మకం అని అడిగాడు.

"చేసి చూశానండి. చేసి చూస్తేనే మొదటిది తప్పని తెలిసింది. మళ్లీ మళ్లీ చేసి చూస్తూ ఉండటమే నమ్మకం, ఇంకోటి లేదు," అంది దేవమణి.

"మీరున్నన్నాళ్లూ చూస్తారు. మీరు లేని రోజు ఒలికితే?"

ఆ ప్రశ్నకి ఆవిడ పిల్లల వైపు చూసింది. ఆయనే, మేడం మీరు వరండాలోకి వెళ్లండి, మేం పిలిచేదాకా రావద్దు అన్నాడు. ఆసిడ్ సీసా పక్కన పెట్టించి, ఎర్రటి వెనిగరు సీసా మాత్రం తన చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ, ఎప్పుడు పోస్తాడో ఎవరికీ చెప్పలేదు.

దేవమణి వరండాలో గోడకి చేరగిలబడింది. పిల్లలకి టైట్రేషను పెట్టి ఆయన లోపల మామూలుగా తిరుగుతున్నట్టున్నాడు. బ్యూరెట్ల చప్పుడు, పిల్లల గుసగుసలు. ఏమీ జరగలేదు. ఎంతకీ ఏమీ జరగలేదు. పిల్లలు పనిలో పడిపోయి ఆయన్ని మర్చిపోయి ఉంటారనుకునేసరికి సీసా మూత గచ్చు మీద దొర్లిన చప్పుడు, ఎవరో కెవ్వుమన్న చప్పుడు వినపడ్డాయి.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. దేవమణి గుమ్మం వైపు ఒకడుగు వేసింది. నోటి దాకా వచ్చింది, కదలండే అని. పళ్ల బిగువున ఆపుకుంది. ఇంకో క్షణం గడిస్తే అంతా పోయినట్టే, ఆ గది, ఆ బల్లలు, అన్నీ.

లోపల ఒక పిల్ల గొంతు, ఏడుపు ముంచుకొస్తుండగా అంది. "మేడంని పిలుద్దామే."

"మేడం వచ్చేదాకా ఆసిడ్ ఆగుద్దా?"

అది రేహానా. గట్టిగా, కోపంగా కూడా అంది. ఆపైన ఆ గొంతు ఆగలేదు. బర్నర్లు ఆర్పమంది. ఇటు తడి ఉంది, వెనక తలుపు నుంచి వెళ్లమంది. ఎవరి మీద పడిందని అడిగింది. పాదం మీద పడిందని పరిమళ చెబితే, బూటు విప్పి కుళాయి కింద పెట్టు, నేను చెప్పేదాకా తియ్యకు అంది. వెనక తలుపు తెరుచుకుని పిల్లలు ఒకరి వెనక ఒకరు, తోసుకోకుండా, పెరట్లోకి వచ్చేయడం దేవమణికి వరండా చివర నుంచి కనిపించింది. లోపల ఇసక జారిన చప్పుడు వినపడింది. సోడా అంచుల నుంచి, అంచుల నుంచి, అని పున్నమ్మ తనకి తనే చెప్పుకుంటోంది. నురగ చప్పుడు నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గింది.

అయిపోయిందా అని భవానీప్రసాద్ అడగడం వినపడింది. ఇంకా లేదు సార్, విరిచి చూడాలి అంది రేహానా. కాసేపటికి ప్లాస్టిక్ చేట గచ్చుకి రాసుకున్న చప్పుడు. అన్నీ అయ్యాక, బకెట్టులో నీళ్లు.

భవానీప్రసాద్ బయటికొచ్చాడు. ఆయన ప్యాంటు అంచున కొంచెం ఎర్రరంగు అంటింది. సోమవారం నుంచి ప్రాక్టికల్స్ పెట్టుకోమని, టర్ముకొకసారి తను చెప్పకుండా వచ్చి ఇలాగే ఒలకబోస్తానని, వచ్చే ఏడు కొత్త మేడం వచ్చాక కూడా వస్తానని చెప్పి, దేవమణికి చేతులు జోడించి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దేవమణి లోపలికి వెళ్లబోయి ఆగింది. కిటికీలోంచి పిల్లలు కనపడుతున్నారు. పున్నమ్మ గచ్చు తుడుస్తోంది. పరిమళ కాలు ఆరబెట్టుకుంటూ ఏదో అంటే, రేహానా నవ్వుతోంది. ఆ సీసా పగిలిన రోజు తర్వాత ఆ పిల్ల నవ్వడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. ఎవరూ గుమ్మం వైపు చూడటం లేదు.

రాతిపొడి బస్తాతో బస్టాండులో ఎదురుచూస్తున్న స్తెఫనుకి ఫోను చేసింది.

"ల్యాబు తెరుస్తారటండీ," అంది.

పిల్లలు బాగా చేశారా అని ఆయన అడిగాడు.

"బాగా చేశారు. నన్ను పిలవలేదు," అంది దేవమణి. ఆ మాట అనేసి, సంతోషమో బాధో తనకే తెలియక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.